బ్యాండ్ రాలేదంటే వైరస్ లేనట్టేనా?

కోస్తాలో వనామీ రొయ్యలు వేసే రైతు సీడ్ దింపే ముందు "పీసీఆర్ చేయించారా?" అని అడుగుతాడు. ల్యాబ్ కాగితంలో తెల్లమచ్చ వైరస్‌కి ఎదురుగా "నెగెటివ్" అని ఉంటే సీడ్ సంచులు చెరువుకు వెళ్లిపోతాయి. కొన్నేళ్లపాటు ఆ పరీక్షలు చేసినవాణ్ణి నేను. ఆ ఒక్క మాట చూసి సీడ్ దింపకూడదని గట్టిగా చెబుతాను. ఎందుకో తెలియాలంటే ట్యూబులో ఏం జరుగుతుందో చూడాలి.

ఈ వైరస్ డీఎన్ఏ పొడవు దాదాపు 3 లక్షల అక్షరాలు. అందులో 1,447 అక్షరాల ముక్క ఒక్కటే మనకు కావాలి. దానికి రెండు కొసల్లో అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలే ప్రైమర్లు. ట్యూబును 94 డిగ్రీలకు వేడి చేస్తే డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. 55 డిగ్రీలకు దించితే ప్రైమర్లు తమ చోట్లలో అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ప్రైమర్ కొస నుంచి ఒక్కో అక్షరం చేర్చుకుంటూ కొత్త పోగు అల్లుతుంది. ఇది వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియాలో దొరికింది కాబట్టి 94 డిగ్రీల వేడికీ చెడిపోదు. ఒక్కో విడతకు ముక్కల సంఖ్య రెట్టింపవుతుంది. 30 విడతలయ్యేసరికి, లెక్క ప్రకారం, ఒకటి 107 కోట్లు కావాలి. వైరస్ మరీ తక్కువున్నా దొరకాలని ఆ సరుకులోంచి కొద్దిగా తీసి, ముక్క లోపలి భాగానికి సరిపోయే ఇంకో ప్రైమర్ల జతతో రెండోసారి నడుపుతాం. అప్పుడు 941 అక్షరాల ముక్క వస్తుంది.

ఆ లోపలి జతలో ఒక ప్రైమర్ ఇది: `TACGGCAGCTGCTGCACCTTGT`. మొత్తం 22 అక్షరాలు. G, C ఒక్కోదానికి 4, A, T ఒక్కోదానికి 2 చొప్పున కూడితే అది విడిపోయే వేడి సుమారుగా తెలుస్తుంది. దీనికి 70 వస్తుంది, దాని జోడీకి 68. జోడీలు ఇలా దగ్గరగా ఉండాలి, లేకపోతే ఒకటి అతుక్కునే వేడిలో రెండోది ఊడిపోతుంది. ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. నడుమనున్న `GCAGCTGC` తనకు తానే జోడీ కాగలదు, అంటే రెండు ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. అయినా పని జరుగుతుంది, ఎందుకంటే ఆ భాగం కుడి కొసన లేదు. ఎంజైమ్ అల్లిక మొదలుపెట్టేది కుడి కొస నుంచే. అక్కడే జోడీ కుదిరి ఉంటే ప్రైమర్లు ఒకదాన్నొకటి అల్లుకుంటూ ఖర్చయిపోయేవి. ప్రైమర్ రాసుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఆ కొసనే.

ఒకసారి 150 పిల్లల సీడ్‌ను తలలతో సహా నూరి పరీక్ష పెట్టారు. జెల్ మీద 941 దగ్గర ఏమీ లేదు. ఊపిరి పీల్చుకోవచ్చనిపించింది. కానీ అదే డీఎన్ఏతో పక్క ట్యూబులో రొయ్య సొంత జన్యువుకి వేరే ప్రైమర్లు వేస్తాం. ఆ ట్యూబులో 848 అక్షరాల బ్యాండ్ రావాలి. రొయ్యను నూరినప్పుడు రొయ్య డీఎన్ఏ లేకుండా ఎలా ఉంటుంది? అదీ రాలేదు. అంటే ట్యూబులో అసలు పనే జరగలేదు. కారణం కళ్లు. రొయ్య కంట్లోని పదార్థం ఎంజైమ్‌ను పని చేయనివ్వదు. తలలు తీసేసి మళ్లీ చేస్తే 848 స్పష్టంగా వచ్చింది, దానితోపాటు 941 కూడా. ఆ సీడ్ చెరువులోకి వెళ్లలేదు. తలలు తీయడానికి వీలు లేకపోతే డీఎన్ఏను పదింతలు పలచన చేసి చూడటం ఇంకో దారి. అడ్డుపడేదీ పలచబడుతుంది.

అదనంగా కనిపించే బ్యాండ్లన్నీ ఒకటి కావు. జెల్ అడుగున, 100 లోపు మసగ్గా కనిపించేది ప్రైమర్లు తమలో తాము అల్లుకున్నది, దానికి కంగారు అక్కర్లేదు. రెండో విడతలో 941తోపాటు 1,447 కూడా కనిపిస్తే వైరస్ బాగా ఎక్కువుందని నా మొదటి అనుమానం. వేరే ఎత్తులో వింత గీతలొస్తే ప్రైమర్ పూర్తిగా సరిపోని చోట కూడా అతుక్కుందేమో చూడాలి. 55ను రెండు మూడు డిగ్రీలు పెంచితే అలాంటి పట్టు సడలుతుంది, అసలైనది నిలుస్తుంది. నన్ను నిజంగా భయపెట్టేది నీళ్లు మాత్రమే పోసిన ట్యూబులో 941 రావడం. మొదటి విడత ట్యూబు మూత తీసినప్పుడు కోట్ల ముక్కలు గాల్లోకి, పిపెట్ మీదికి చేరతాయి. ఆ రోజు పాజిటివ్‌లు వేటినీ నమ్మకూడదు. కొత్త నీళ్లు, కొత్త ద్రావణాలు తీసుకుని, వేరే బల్ల మీద మొదటి నుంచి చెయ్యాల్సిందే.

అందుకే రైతులు ల్యాబులో జెల్ ఫోటో అడిగి తీసుకోవాలి. 848 వచ్చిందా, నీళ్ల గడి ఖాళీగా ఉందా అన్న రెండూ చూశాకే 941 వైపు చూడాలి. అన్నీ సరిగ్గా ఉండి 150 పిల్లల్లో ఏమీ దొరక్కపోతే, నూటికి 95 పాళ్లు, ఆ సీడ్‌లో వైరస్ పట్టినవి 2 శాతం లోపే. లక్ష పిల్లల్లో 2 శాతమంటే రెండు వేలు.