భాగఫలం వదిలేసి శేషం పట్టుకుంటే

110101101 అనే బైనరీ సంఖ్యను మూడుతో భాగిస్తే శేషం మిగులుతుందా, మిగలదా? దీన్ని ముందు మనకు అలవాటైన దశాంశ సంఖ్యగా మార్చుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకట్లు ఉన్న స్థానాల విలువలు 256, 128, 32, 8, 4, 1. వాటిని కూడితే 429. దాని అంకెల మొత్తం 15 కాబట్టి మూడు దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. తొమ్మిది అంకెలకు ఈ పద్ధతి చాలు. వెయ్యి అంకెలుంటే? పైగా ఆ అంకెలు ఎడమ నుంచి ఒక్కొక్కటిగా వస్తూ, వచ్చిన అంకె మళ్లీ కనబడకుండా పోతూ, మొత్తం ఎన్ని వస్తాయో కూడా ముందుగా తెలియకపోతే?

ఇన్ని షరతుల మధ్య కూడా తప్పు లేకుండా జవాబు చెప్పే యంత్రం ఒకటుంది. దానికి కావలసింది మూడే మూడు స్థితులు. దాన్ని ఎలా నిర్మిస్తారో, అది ఎప్పటికీ తప్పు చెప్పదని ఎలా నమ్మాలో ఈ వ్యాసంలో చూద్దాం.

యంత్రం అంటే ఏమిటి?

ఇలాంటి యంత్రాన్ని డిటర్మినిస్టిక్ ఫైనైట్ ఆటోమేటన్ అంటారు. ఇంజనీరింగ్ విద్యార్థుల నోట అది డీఎఫ్‌ఏ. మైకేల్ రాబిన్, డేనా స్కాట్ 1959లో రాసిన పరిశోధన పత్రం ఈ యంత్రాల సిద్ధాంతానికి గట్టి పునాది వేసింది. 1976లో వారిద్దరికీ ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

డీఎఫ్‌ఏ నిజంగా ఇనుముతో చేసిన యంత్రం కాదు, కాగితం మీద గీసుకునే ఒక నమూనా. అందులో కొన్ని స్థితులుంటాయి. ఏ క్షణంలోనైనా యంత్రం వాటిలో ఒక్కదానిలోనే ఉంటుంది. ప్రతి స్థితి నుంచి 0 వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే బాణం ఒకటి, 1 వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే బాణం ఒకటి ఉంటాయి. ఎటు వెళ్లాలన్న సందేహానికి తావుండదు. మొదలుపెట్టే స్థితి ఒకటి, ‘అవును’ అని చెప్పే స్థితులు కొన్ని ముందే నిర్ణయించి ఉంటాయి. అంకెలన్నీ అయిపోయేసరికి యంత్రం ‘అవును’ స్థితిలో ఉంటే ఆ వరుసను ఆమోదించినట్టు, లేకుంటే తిరస్కరించినట్టు.

లెక్క రాసుకోవడానికి దీనికి వేరే చోటు లేదు. తాను ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో, అంతవరకే దాని జ్ఞాపకం. అందుకే వెయ్యి అంకెల సంఖ్య మొత్తాన్ని అది గుర్తుపెట్టుకోలేదు. కాబట్టి యంత్రాన్ని నిర్మించేవారు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: ఏం గుర్తుంచుకుంటే చాలు?

మొదట దొరికే తప్పుదారి

కొందరు మూడు గుణిజాలను వరుసగా రాసి, వాటిలో పోలిక వెతుకుతారు. 3 అంటే 11. 6 అంటే 110. 9 అంటే 1001. 12 అంటే 1100. 15 అంటే 1111. 18 అంటే 10010. ఆరింటిలోనూ ఒకట్లు సరిసంఖ్యలోనే ఉన్నాయి! ఒకట్ల సంఖ్య సరా, బేసా అని చూసే రెండు స్థితుల యంత్రం చాలుననిపిస్తుంది.

తర్వాతి గుణిజం 21 దగ్గరే ఈ ఊహ కూలిపోతుంది. దాని రూపం 10101, అందులో మూడు ఒకట్లున్నాయి. రెండో వైపు నుంచి చూసినా ఊహ నిలవదు. 5 అంటే 101, రెండు ఒకట్లున్నా అది మూడు గుణిజం కాదు. పోలిక చూసి కట్టిన యంత్రం వెనుక కారణం ఉండదు, అందుకే అది ఎక్కడ విఫలమవుతుందో కూడా ముందుగా తెలియదు.

అసలు దారి బడి భాగహారంలోనే ఉంది

429ని మూడుతో భాగించే పద్ధతి ఒకసారి గుర్తు చేసుకోండి. 4లో మూడు ఒకసారి పోతుంది, శేషం 1. పక్కనున్న 2ని దించుకుంటే 12 అవుతుంది, శేషం 0. తర్వాత 9ని దించుకుంటే 9, శేషం 0. ప్రతి మెట్టులోనూ పాత శేషాన్ని పదితో గుణించి, దించుకున్న అంకెను కలుపుతున్నాం. పైన రాసే భాగఫలం తర్వాతి మెట్టుకు అక్కరకు రాదు. ముందుకు తీసుకెళ్లేది శేషాన్ని మాత్రమే.

బైనరీలోనూ ఇదే భాగహారం. కాకపోతే పదికి బదులు రెండుతో గుణిస్తాం. ఒక బైనరీ సంఖ్య చివర ఇంకో అంకె చేరిస్తే పాత విలువ రెట్టింపై, దానికి ఆ అంకె కలుస్తుంది. పాత శేషం r, కొత్తగా వచ్చిన అంకె b అనుకుంటే, కొత్త శేషం ఇలా వస్తుంది:

```
r = (2*r + b) mod 3
```

mod 3 అంటే మూడుతో భాగించగా మిగిలే శేషం. మూడుతో భాగిస్తే మిగిలేది 0, 1, 2 మాత్రమే కాబట్టి మూడు స్థితులు పెట్టుకుంటే చాలు. వాటిని q0, q1, q2 అందాం. q0లో ఉండటమంటే ‘ఇంతవరకు చదివిన సంఖ్యకు శేషం 0’ అని అర్థం. q1 అంటే శేషం 1, q2 అంటే శేషం 2. మొదలుపెట్టేది q0లోనే, ‘అవును’ స్థితి కూడా q0 ఒక్కటే. ఇక బాణాలను మనం ఊహించనక్కరలేదు, పై సూత్రమే వాటిని గీస్తుంది.

| స్థితి | 0 వస్తే | 1 వస్తే |
|---|---|---|
| q0 | q0 | q1 |
| q1 | q2 | q0 |
| q2 | q1 | q2 |

ఒక్క గడిని సరిచూద్దాం. q2లో ఉండగా 0 వచ్చింది. రెండు రెళ్లు నాలుగు, సున్నా కలిపితే నాలుగే. శేషం 1, అందుకే బాణం q1కి వెళ్తుంది. మిగతా అయిదు గడులూ ఇలా నింపినవే.

ఇప్పుడు 110101101ని యంత్రానికి ఇద్దాం. q0లో మొదలై, మొదటి 1తో q1కి, రెండో 1తో q0కి వస్తాం. తర్వాతి 0తో q0లోనే ఉంటాం. 1 వస్తే q1, 0 వస్తే q2. ఆపై వరుసగా రెండు ఒకట్లు వచ్చినా q2లోనే ఉంటాం. 0 వస్తే q1, చివరి 1తో q0. యంత్రం ‘అవును’ అంది. 429 అనే సంఖ్య దానికి ఎక్కడా తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఎప్పుడూ సరైనదేనని రుజువు

ఒక్క ఉదాహరణ సరిపోయినంత మాత్రాన యంత్రం సరైనదని తేలదు. q2 వరుసను పొరపాటున తారుమారుగా రాసి, 0 వస్తే q2కి, 1 వస్తే q1కి పంపామనుకోండి. ఆ యంత్రానికి 0 నుంచి 8 దాకా ప్రతి సంఖ్యనూ ఇచ్చి చూడండి, అన్నిటికీ సరైన జవాబే చెబుతుంది! 9 దగ్గర, అంటే 1001 ఇచ్చినప్పుడు, q1, q2, q2, q1 అని నడిచి ‘కాదు’ అంటుంది. పరీక్షను 8తో ఆపినవారికి తప్పు దొరకదు.

రుజువు ఆ పరీక్షలన్నిటి పనీ ఒకేసారి చేస్తుంది. మనం నిరూపించదలచిన వాక్యం ఇది: ఎన్ని అంకెలు చదివినా, యంత్రం ఉన్న స్థితి అంతవరకు చదివిన సంఖ్య శేషాన్నే చూపుతుంది. దీన్ని గణితానుగమన పద్ధతిలో రెండు మెట్లలో చూపవచ్చు.

మొదటి మెట్టు: ఇంకా ఏ అంకే చదవలేదు. అప్పటి విలువను సున్నాగా తీసుకుంటాం. యంత్రం q0లో ఉంది. వాక్యం నిజం.

రెండో మెట్టు: కొన్ని అంకెలు చదివాక వాక్యం నిజంగా ఉందనుకుందాం. అప్పటి సంఖ్య n, దాని శేషం r. అంటే n = 3k + r. ఇప్పుడు b అనే అంకె వచ్చింది. కొత్త సంఖ్య 2n + b, అంటే 6k + 2r + b. ఇందులో 6kని మూడు నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి కొత్త శేషాన్ని తేల్చేది 2r + b మాత్రమే. పట్టికలో బాణం గీసింది సరిగ్గా అక్కడికే. వాక్యం కొత్త అంకె తర్వాత కూడా నిజమే.

మొదట నిజం, ప్రతి అంకెతోనూ నిజంగా నిలుస్తుంది. కాబట్టి చివర కూడా నిజమే. చివర q0లో ఉంటే శేషం సున్నా, లేకుంటే కాదు. భాగఫలాన్ని సూచించే k రెండో మెట్టులో ఎలా తప్పుకుందో గమనించండి. దాన్ని గుర్తుంచుకోకపోయినా ఎందుకు చెల్లుతుందో ఆ 6k చెబుతోంది. తారుమారైన యంత్రంలో తప్పును కూడా ఈ రుజువు వెంటనే పట్టేస్తుంది. q2లో 0కి నాలుగు వస్తుంది, దాని శేషం 1. బాణం q2కి వెళ్తుంటే రెండో మెట్టు అక్కడే ఆగిపోతుంది.

రెండు స్థితులతో సరిపెట్టలేమా?

సరిపెట్టలేం. 0, 1, 10 అనే మూడు వరుసలు తీసుకోండి. రెండే స్థితులుంటే వీటిలో ఏవో రెండు ఒకే స్థితికి చేరక తప్పదు. 0ని ఆమోదించాలి, మిగతా రెంటినీ తిరస్కరించాలి కనుక 0 వాటితో కలవకూడదు. ఇక 1, 10 ఒకే స్థితికి చేరాయనుకుందాం. రెండింటికీ చివర 1 తగిలిస్తే 11, 101 అవుతాయి. ఒకే స్థితి నుంచి ఒకే అంకె వస్తే యంత్రం ఒకే చోటికి వెళ్తుంది, ఒకే జవాబు చెబుతుంది. కానీ 11 అంటే 3, 101 అంటే 5, వీటికి జవాబులు వేరు. కాబట్టి మూడు స్థితులు తప్పనిసరి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మన యంత్రం ఏ అంకే లేని ఖాళీ వరుసను కూడా ఆమోదిస్తుంది. ప్రశ్నలో దాన్ని తిరస్కరించాలని ఉంటే, ఆరంభం కోసం ‘అవును’ కాని నాలుగో స్థితి ఒకటి పెట్టాలి. అక్కడి నుంచి 0 వస్తే q0కి, 1 వస్తే q1కి పంపితే సరిపోతుంది. ముందు ఎన్ని సున్నాలున్నా మన యంత్రానికి ఇబ్బంది లేదు, అవి q0లోనే తిరుగుతాయి.

తిప్పి చదివినా అదే జవాబు

పట్టికలో ఒక అందం దాగి ఉంది. 1తో q0 నుంచి q1కి వెళ్తాం, 1తోనే q1 నుంచి q0కి తిరిగొస్తాం. 0తో q1 నుంచి q2కి వెళ్తాం, 0తోనే వెనక్కి వస్తాం. మిగిలిన రెండు బాణాలు బయలుదేరిన చోటికే వచ్చేవి. అంటే బాణాలన్నిటినీ వెనక్కి తిప్పినా ఇదే యంత్రం వస్తుంది. అందుకే మూడు గుణిజాన్ని బైనరీలో రాసి, కుడి నుంచి ఎడమకు చదివితే వచ్చేది కూడా మూడు గుణిజమే. 110101101ని తిప్పితే 101101011. దాని విలువ 363, అంటే 121 మూళ్లు. గుణిజం కానప్పుడు మాత్రం శేషం మారిపోవచ్చు. 10కి శేషం 2, తిప్పిన 01కి శేషం 1.

ఇదే పద్ధతిలో అయిదుకు యంత్రం మీరే గీయండి. ముందు అయిదు స్థితుల అర్థాలను ఒక్కో వాక్యంలో రాసుకోండి, తర్వాతే బాణాలు గీయండి. 25ని, అంటే 11001ని ఇచ్చి చూస్తే శేషాలు వరుసగా 1, 3, 1, 2, 0 రావాలి. దాన్ని తిప్పితే 10011 వస్తుంది. దాని విలువ 19, దానికి అయిదుతో శేషం 4. తిప్పి చదివినా చెల్లే సౌలభ్యం మూడుకు ఉంది, అయిదుకు లేదు.