ఎర్ర గడిలో ఎవరి పేరు ఉంది?

ఊరి జాతరకు కమిటీ ముప్పుల పట్టిక వేసిందనుకుందాం. నిలువుగా జరిగే అవకాశం, అడ్డంగా తీవ్రత, రెండూ 1 నుంచి 5 దాకా. నీళ్ల ట్యాంకరు ఆలస్యం కావడానికి అవకాశం 5, తీవ్రత 1. పడవ మునగడానికి అవకాశం 1, తీవ్రత 5. గుణిస్తే రెండింటికీ 5 మార్కులే! అందుకే మార్కుల జాబితాను నమ్మకూడదు. ఏ ముప్పు ఏ గడిలో ఉందో చూపించాలి. తీవ్రత 5 ఉన్న గడులన్నిటికీ, అవకాశం ఎంత తక్కువైనా, కనీసం నారింజ రంగు వేయాలి.

బయటి గేటు దగ్గర తొక్కిసలాటకు అవకాశం 4, తీవ్రత 5. ఇది ఎర్ర గడి. దాని పక్కన ‘పోలీసులు, కమిటీ’ అని రాస్తే ఎవరూ బాధ్యులు కారు. ఒక్క మనిషి పేరు, ఫోను నంబరు ఉండాలి. ‘జాగ్రత్తగా ఉండాలి’ అనేది చర్య కాదు. ‘ముందురోజు సాయంత్రానికి రాకపోకలకు వేర్వేరు దారులు, బారికేడ్లు, క్యూ మూడో స్తంభం దాటితే లోపలికి పంపడం ఆపాలి’ అనేది చర్య. దీంతో అవకాశం 2కి తగ్గవచ్చు, కానీ జరిగితే తీవ్రత 5గానే ఉంటుంది. ఆ మార్పును బాణంతో గీస్తే, మిగిలిన ముప్పు ఎంతో సర్పంచికి కనబడుతుంది.