కాలమ్ చేర్చిన ప్రతిసారీ పెరిగే ఆర్ స్క్వేర్

నిర్ధారణ గుణకాన్ని వాడుకలో ఆర్ స్క్వేర్ అంటారు. ఒక రాశిలో కనిపించే హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని ప్రతిగమన సమీకరణం పట్టుకోగలిగిందో ఈ సంఖ్య చెబుతుంది. సున్నా వస్తే సమీకరణం ఏమీ పట్టుకోలేదని, ఒకటి వస్తే ప్రతి విలువనూ తు.చ. తప్పకుండా పట్టుకుందని అర్థం. ఇంత తేలిగ్గా అర్థమయ్యే కొలత కాబట్టే ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ పరిశోధన వ్యాసాల్లోనూ అందరి చూపూ ముందు దాని మీదే పడుతుంది. చిక్కేమిటంటే, సమీకరణంలో ఏ కొత్త కాలమ్ చేర్చినా ఈ సంఖ్య పెరుగుతుందే తప్ప తగ్గదు. చేర్చినది పనికొచ్చేదా, పనికిరానిదా అన్న విచక్షణ దానికి లేదు.

ఇది ఎలా జరుగుతుందో చూడడానికి గణాంక విద్యార్థులకు బాగా పరిచయమైన ఒక పట్టిక ఉంది. అమెరికాలోని మోటార్ ట్రెండ్ పత్రిక 1974లో ప్రచురించిన 32 కార్ల వివరాలవి. R అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో mtcars పేరుతో సిద్ధంగా దొరుకుతాయి. ఒక్కో కారు గ్యాలన్ పెట్రోలుకు ఎన్ని మైళ్లు నడుస్తుందన్నది అందులో ఒక కాలమ్. మిగతా 10 కాలమ్‌లలో బరువు, హార్స్‌పవర్, సిలిండర్ల సంఖ్య, కార్బ్యురేటర్ల సంఖ్య, పావు మైలు పరుగుకు పట్టే సమయం వంటివి ఉన్నాయి.

ఈ కార్ల సగటు మైలేజీ 20.09 మైళ్లు. కారు గురించి ఏమీ తెలియకుండా మైలేజీ ఊహించమంటే ఎవరైనా ఈ సగటే చెప్పాలి. క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్ అసలు మైలేజీ 10.4 మాత్రమే కనుక ఆ ఊహలో తప్పు 9.69, దాని వర్గం 93.9. ఇలా 32 కార్లకూ తప్పుల వర్గాలు తీసి కూడితే 1126.05 వస్తుంది. ఊహకు దొరకని మొత్తం ఇదే. ఇప్పుడు బరువు తెలిసిందనుకుంటే, కనిష్ఠ వర్గాల పద్ధతి ఇచ్చే సమీకరణం ఇది: 37.285లోంచి, ప్రతి వెయ్యి పౌండ్ల బరువుకూ 5.344 తీసేయాలి. క్యాడిలాక్ బరువు 5,250 పౌండ్లు కాబట్టి అంచనా 9.23. తప్పు 1.17కి, దాని వర్గం 1.38కి దిగింది. అన్ని కార్లకూ ఇంత బాగా కుదరదు కానీ, 32 కార్ల తప్పుల వర్గాల మొత్తం మాత్రం 278.32కి పడిపోతుంది. మొదట ఉన్న 1126.05లో ఇంకా మిగిలినది సుమారు 0.247 వంతు. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే వచ్చే 0.753 బరువు ఒక్కటే తెచ్చిన ఆర్ స్క్వేర్.

బరువుకు హార్స్‌పవర్ తోడు చేస్తే అది 0.827 అవుతుంది. పావు మైలు సమయాన్ని కూడా కలిపితే 0.835. పదికి పది కాలమ్‌లూ పెడితే 0.869. ఎక్కడా వెనకడుగు లేదు.

వెనకడుగు ఎందుకు ఉండదో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. బరువు ఉన్న సమీకరణంలోకి ఏ సంబంధమూ లేని ఒక కాలమ్ తెచ్చారనుకుందాం. ఉదాహరణకు, ఒక్కో కారు పేరున పాచిక వేసి, పడిన అంకె రాశారు. ఇప్పుడు కంప్యూటర్ ఆ అంకెను ఎంతతో గుణించి కలపాలో నిర్ణయించాలి. సున్నాతో గుణిస్తే పాచిక కాలమ్ మాయమై పాత సమీకరణమే మిగులుతుంది, తప్పుల మొత్తం 278.32 దగ్గరే ఆగుతుంది. అంటే పాత ఫలితం ఎప్పుడూ చేతిలో ఉన్నదే. అంతకంటే చెడ్డదాన్ని ఎంచుకోవలసిన అవసరం కనిష్ఠ వర్గాల పద్ధతికి ఎన్నడూ రాదు. మొత్తాన్ని వీలైనంత తగ్గించడమే దాని పని కాబట్టి, సున్నా కంటే మెరుగైన గుణకం దొరికితే దాన్నే పట్టుకుంటుంది.

అలాంటిది దొరకకపోవడమే అరుదు. సున్నాయే అత్యుత్తమం కావాలంటే, పాత సమీకరణం మిగిల్చిన తప్పులకూ కొత్త కాలమ్‌కూ మధ్య సహసంబంధం ఖచ్చితంగా సున్నా కావాలి. పాచికకు మైలేజీతో నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా, 32 వరసల్లో లెక్క వేస్తే 0.04 అనో, మైనస్ 0.11 అనో ఏదో ఒకటి వచ్చి తీరుతుంది. ఆ కాస్త యాదృచ్ఛికతనే సమీకరణం వాడుకుంటుంది. పెరుగుదల పూర్తిగా ఆగే సందర్భం ఆచరణలో ఒకటే కనిపిస్తుంది. పౌండ్లలో బరువు ముందే ఉండగా అదే బరువును కిలోల్లో మళ్లీ చేర్చితే, కొత్త సమాచారం ఏమీ లేదు కాబట్టి ఆర్ స్క్వేర్ ఉన్నచోటే ఉంటుంది.

యాదృచ్ఛికంగా వచ్చే ఈ లాభం ఎంతో సగటున ముందే చెప్పవచ్చు. కొలవాలనుకున్న రాశితో ఏ కాలమ్‌కూ సంబంధం లేనప్పుడు, ఆర్ స్క్వేర్ సగటు విలువ కాలమ్‌ల సంఖ్యను వరసల సంఖ్యకు ఒకటి తక్కువతో భాగిస్తే వచ్చేది. 32 వరసలకు 10 పాచిక కాలమ్‌లు పెడితే అది 10/31, అంటే దాదాపు 0.32. పాచికలు 31 కాలమ్‌లు నింపితే ఆర్ స్క్వేర్ సరిగ్గా 1 అవుతుంది: 32 కార్లకు 32 గుణకాలు ఉన్నప్పుడు ప్రతి కారునూ తాకించి గీత గీయవచ్చు. డేవిడ్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ గణాంక శాస్త్రజ్ఞుడు 1983లో 100 వరసలు, 50 యాదృచ్ఛిక కాలమ్‌లతో ఇదే చేసి చూపారు. ఏ సంబంధమూ లేని అంకెల నుంచి 0.5 దరిదాపుల్లో ఆర్ స్క్వేర్ వచ్చింది. చాలా రిపోర్టుల్లో గర్వంగా ముద్రించే సంఖ్య అది.

ఉచితంగా దక్కే ఈ వాటాను తీసేయడానికే సవరించిన ఆర్ స్క్వేర్ పుట్టింది. అమెరికన్ వ్యవసాయ ఆర్థికవేత్త మొర్డెకాయ్ ఎజెకీల్ 1930 నాటి తన పుస్తకం ద్వారా దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. సూత్రం ఇది:

```
Adjusted R² = 1 − [SSE / (n − p − 1)] / [SST / (n − 1)]
```

ఇక్కడ SSE అంటే సమీకరణం మిగిల్చిన తప్పుల వర్గాల మొత్తం, SST అంటే సగటు మీద ఆధారపడినప్పటి మొత్తం, n వరసల సంఖ్య, p కాలమ్‌ల సంఖ్య. మామూలు ఆర్ స్క్వేర్ మొత్తాలను మొత్తాలుగానే పోలుస్తుంది. సవరించినది ముందు వాటిని సగటులుగా మారుస్తుంది. 32 కార్ల తప్పులను 32తో కాక, గుణకాల కోసం ఖర్చయినవి పోగా మిగిలిన సంఖ్యతో భాగిస్తుంది. దీన్నే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. కాలమ్ చేర్చిన కొద్దీ పైన ఉన్న SSE తగ్గుతుంది, కింద ఉన్న n − p − 1 కూడా తగ్గుతుంది. ఏది ఎక్కువ వేగంగా తగ్గిందన్న దాన్ని బట్టే సంఖ్య పెరుగుతుందో తరుగుతుందో తేలుతుంది.

కార్ల పట్టికలో ఇది చక్కగా కనిపిస్తుంది. పది కాలమ్‌లూ ఉన్నప్పుడు SSE 147.49. దాన్ని 21తో భాగిస్తే 7.02. SST అయిన 1126.05ను 31తో భాగిస్తే 36.32. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.807. బరువు, హార్స్‌పవర్ రెండే ఉన్నప్పుడు ఇదే లెక్క 0.815 ఇస్తుంది. మామూలు ఆర్ స్క్వేర్ ప్రకారం పది కాలమ్‌ల సమీకరణం మేలు. సవరించినదాని ప్రకారం రెండు కాలమ్‌లదే మేలు. R ఉన్నవారు స్వయంగా చూసుకోవచ్చు:

```r
a <- lm(mpg ~ wt + hp, data = mtcars)
b <- lm(mpg ~ ., data = mtcars)
summary(a)$adj.r.squared
summary(b)$adj.r.squared
```

ఈ సవరణ ఒక్కో కాలమ్ మీద ఎంత రుసుము వేస్తుందన్నదే అసలు తెలుసుకోవలసిన సంగతి. బరువు, హార్స్‌పవర్ తర్వాత మిగిలిన SSE 195.05, మిగిలిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 29. ఇప్పుడు పాచిక కాలమ్ చేర్చినా సగటున అందులో 29వ వంతు, అంటే 6.73, ఊరికే తగ్గుతుంది. కొత్తగా వచ్చే కాలమ్ ఇంతకంటే ఎక్కువ తగ్గిస్తేనే సవరించిన ఆర్ స్క్వేర్ పెరుగుతుంది. పావు మైలు సమయం తగ్గించినది దాదాపు 9.0. రుసుము దాటింది కాబట్టి 0.815 కాస్తా 0.817 అయింది. అయితే ఆ కాలమ్ గుణకానికి t విలువ 1.16, p విలువ 0.25 పైన. మామూలు పరీక్షల్లో ఏ అధ్యాపకుడూ దాన్ని గట్టి ఆధారంగా ఒప్పుకోరు.

అలా ఒప్పుకోని కాలమ్‌ను సవరించిన ఆర్ స్క్వేర్ లోపలికి రానివ్వడంలో వింతేమీ లేదు. కొత్త కాలమ్ t విలువ, గుర్తు పట్టించుకోకుండా, 1 దాటితే చాలు, అది పెరుగుతుంది. శుద్ధ పాచిక కాలమ్‌కు కూడా ఆ గడప దాటే అవకాశం సుమారు మూడింట ఒక వంతు ఉంటుంది. సవరణ తీసేసేది పనికిరాని కాలమ్ సగటున తెచ్చే లాభాన్ని మాత్రమే. అదృష్టం కొద్దీ సగటు దాటినవాటిని అది ఆపలేదు.

దీని పర్యవసానం ఎంపికలో బయటపడుతుంది. పది కాలమ్‌ల నుంచి 1,023 రకాల సమీకరణాలు తయారవుతాయి. అన్నింటినీ పరీక్షించి, సవరించిన ఆర్ స్క్వేర్ ఎక్కువ వచ్చినదాన్ని ఏరుకుంటే, అదృష్టం కలిసొచ్చిన కాలమ్‌లే పైకి తేలుతాయి. అప్పుడు సవరించిన సంఖ్య కూడా ఉబ్బినదే అవుతుంది, ఎందుకంటే సూత్రానికి తెలిసింది చివరికి మిగిలిన కాలమ్‌ల సంఖ్య మాత్రమే. ఎన్ని ప్రయత్నాల తర్వాత అవి మిగిలాయో తెలియదు. కొత్త కార్ల మీద అంచనా ఎలా ఉంటుందో తెలియాలంటే కొన్ని వరసలను ముందే పక్కన పెట్టి, వాటి మీద పరీక్షించడమే దారి. అక్కడ పనికిరాని కాలమ్‌ల వల్ల ఫలితం నిజంగానే దిగజారుతుంది.

సవరించిన ఆర్ స్క్వేర్ మైనస్‌లోకి పోయినా కంగారు పడనక్కర్లేదు. చేర్చిన కాలమ్‌లు పాచికలు సగటున చేసే పాటి పని కూడా చేయలేదని దాని అర్థం. వరసలు పదివేలు, కాలమ్‌లు పది ఉన్న పట్టికలో మాత్రం రెండు సంఖ్యల మధ్య తేడా కంటికి ఆనదు. సవరణ అవసరమయ్యేది వరసలు తక్కువై కాలమ్‌లు ఎక్కువైన చోటే.

కాలమ్ చేర్చాక మామూలు ఆర్ స్క్వేర్ తగ్గిందంటే మాత్రం అనుమానించాలి. సూత్రం ప్రకారం అది అసాధ్యం. చాలాసార్లు కారణం కొత్త కాలమ్‌లో ఖాళీ గడులు ఉండడమే: సాఫ్ట్‌వేర్ ఆ వరసలను చెప్పాపెట్టకుండా వదిలేసి, తక్కువ వరసలతో లెక్క వేస్తుంది. అప్పుడు SST కూడా మారిపోతుంది కనుక పాత సంఖ్యతో గానీ, సవరించిన పాత సంఖ్యతో గానీ పోలిక చెల్లదు. రెండు సమీకరణాలను పోల్చే ముందు రెండింటిలోనూ వరసల సంఖ్య ఒకటేనో కాదో చూసుకోండి.