స్పీడ్ బాగానే ఉన్నా సైటు ఆలస్యంగా మొదలవుతోందా? కొత్త రకం అడ్రస్‌ను ఒకసారి పరీక్షించండి



మా అమ్మాయి పదో తరగతి. రోజూ రాత్రి ఏడున్నరకు మేడమీద గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్రాక్టీస్ టెస్ట్ రాస్తుంది. ఆ టెస్ట్ సాఫ్ట్‌వేర్ సైటును తన సొంత విండోలోనే తెరుస్తుంది. సరిగ్గా ఏడున్నరకు గడియారం మొదలవుతుంది. తెర మాత్రం తెల్లగా అలాగే ఉండిపోయేది. ఇరవై సెకన్ల తర్వాత ఒక్కసారిగా ప్రశ్నలన్నీ వచ్చేసేవి. ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు వెళ్లినప్పుడు మళ్లీ ఇరవై సెకన్లు. మూడు సెక్షన్లకు కలిపి నిమిషం పోయేది. మొదట్లో "లేటుగా లాగిన్ అవుతున్నావు" అని తననే కోప్పడ్డాను. తర్వాత నేనే పక్కన కూర్చుని చూస్తే, తప్పు పిల్లది కాదని అర్థమైంది.

స్పీడ్ టెస్ట్ పెట్టి చూశాను. ప్లాన్‌లో చెప్పిన వేగం పూర్తిగా వస్తోంది. వీడియోలు ఆగకుండా ఆడుతున్నాయి. అదే టెస్ట్‌ను ఫోన్‌లో మొబైల్ డేటాతో తెరిస్తే వెంటనే వస్తోంది. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ప్లాన్ పెంచుకోవడం వల్ల లాభం లేదు. ఇది వేగం సమస్య కాదు, దారి సమస్య.

ఒకే సైటుకు రెండు అడ్రస్‌లు

మనం సైటు పేరు టైప్ చేస్తే కంప్యూటర్ ముందు దాని నంబర్ అడ్రస్ కనుక్కుంటుంది. పాత పద్ధతి అడ్రస్‌ను ఐపీవీ4 అంటారు. ఆ పద్ధతిలో ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్ల అడ్రస్‌లే సాధ్యం. అవి చాలవు కాబట్టి ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వచ్చింది. 2012 జూన్ 6 నుంచి పెద్ద పెద్ద సైట్లు దాన్ని శాశ్వతంగా ఆన్ చేసి ఉంచాయి. మన దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లలోనూ, ఇంటి ఫైబర్ కనెక్షన్లలోనూ ఇప్పుడు దాని వాడకం బాగా ఎక్కువ. తెరమీద ఇది IPv6 అని కనిపిస్తుంది.

చాలా సైట్లకు ఈ రెండు అడ్రస్‌లూ ఉంటాయి. మీ ల్యాప్‌టాప్‌కు కూడా రెండూ ఉంటే, అది సాధారణంగా కొత్త అడ్రస్‌తోనే ముందు ప్రయత్నిస్తుంది. కొత్త దారి బాగుంటే మనకేమీ తెలియదు. ఇంట్లో కొత్త అడ్రస్ అసలే లేకపోయినా ఇబ్బంది లేదు. కంప్యూటర్ నేరుగా పాత దారిలో వెళ్లిపోతుంది. చిక్కంతా సగం ఉన్నప్పుడే. కంప్యూటర్ దగ్గర కొత్త అడ్రస్ ఉంటుంది, కానీ ఆ దారి మధ్యలో తెగిపోయి ఉంటుంది. "లేదు" అని జవాబు వచ్చినా నయమే, వెంటనే దారి మార్చుకునేది. ఏ జవాబూ రాకపోవడంతో కంప్యూటర్ మళ్లీ మళ్లీ తలుపు తట్టి, ఎదురుచూసి, చివరికి పాత దారి పడుతుంది. విండోస్‌లో ఈ ఎదురుచూపు తరచుగా 20 సెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. అందుకే మొదలవడం ఆలస్యం, మొదలయ్యాక వేగం మామూలే.

ఒక తేడా గమనించండి. లైన్ రద్దీగా ఉంటే ఆలస్యం ఒకసారి మూడు సెకన్లు, ఇంకోసారి పన్నెండు, మరోసారి ఏమీ లేకపోవడం, ఇలా మారుతూ ఉంటుంది. తెగిన దారి వల్ల వచ్చే ఆలస్యం ప్రతిసారీ ఇంచుమించు ఒకే అంకె దగ్గర ఉంటుంది.

"మరి మా బ్రౌజర్‌లో ఇంత ఆలస్యం లేదే" అని మీరు అడగవచ్చు. ఇప్పటి బ్రౌజర్లు కొత్త దారిలో జవాబు కోసం సుమారు పావు సెకను చూసి, వెంటనే పాత దారిలోనూ ప్రయత్నం మొదలుపెడతాయి. ఏది ముందు కలిస్తే దానితో వెళ్తాయి. కాబట్టి లోపం ఉన్నా బయటపడదు. ఈ తెలివి లేని సాఫ్ట్‌వేర్లు, పాత బ్రౌజర్లు మాత్రం పూర్తి సమయం ఆగుతాయి. మా అమ్మాయి టెస్ట్ సాఫ్ట్‌వేర్ అలాంటిదే.

ముందు రెండు కమాండ్లు

ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫైలోనే ఉంచండి. స్టార్ట్ మెనూలో `cmd` అని వెతికి, వచ్చిన నల్ల విండోలో ఈ రెండు లైన్లు ఒకదాని తర్వాత ఒకటి టైప్ చేయండి. మొదటిది పాత దారిని, రెండోది కొత్త దారిని తట్టి చూస్తుంది.

```
ping -4 www.google.com
ping -6 www.google.com
```

రెండింటికీ `Reply from` అని వస్తే రెండు దారులూ ప్రస్తుతానికి పలుకుతున్నట్టే. రెండోదానికి `could not find host` అని వస్తే, సాధారణంగా మీ ఇంట్లో కొత్త అడ్రస్ లేదని అర్థం. అప్పుడు ఆలస్యానికి కారణం వేరే చోట వెతకాలి. మొదటిదానికి జవాబు వచ్చి, రెండోదానికి నాలుగుసార్లూ `Request timed out.` అని వస్తే కొత్త దారి మీద అనుమానం గట్టిపడుతుంది. మా ఇంట్లో వచ్చింది ఇదే.

అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పింగ్ పంపేవి చిన్న చిన్న ప్యాకెట్లు. కొన్ని ఇళ్లలో చిన్నవి వెళ్తాయి, పెద్దవి మధ్యలో చిక్కుకుంటాయి. అలాంటప్పుడు పింగ్ బాగానే ఉన్నా పేజీ తెరుచుకోవడానికి తంటాలు పడుతుంది. అందుకే పింగ్ ఫలితం ఎలా ఉన్నా, కొత్త అడ్రస్‌ను కాసేపు ఆపి చూడటమే అసలు పరీక్ష.

ఆపి చూసే పద్ధతి

ముందుగా ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో, ఆలస్యమయ్యే సైటు లేదా సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మూడుసార్లు కొలిచి కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ దాన్ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. మాకు 22, 21, 22 వచ్చాయి.

తర్వాత కీబోర్డ్ మీద విండోస్ గుర్తున్న కీని, R కీని కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో `ncpa.cpl` అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అక్కడ Wi-Fi మీద రైట్ క్లిక్ చేసి Properties ఎంచుకోండి. జాబితాలో `Internet Protocol Version 6 (TCP/IPv6)` అనే లైన్ ఉంటుంది. దాని పక్కనున్న టిక్ తీసేసి OK నొక్కండి. పక్కనే ఉండే `Version 4` లైన్‌ను మాత్రం ముట్టుకోవద్దు, అది తీస్తే నెట్ ఆగిపోవచ్చు. ల్యాప్‌టాప్ మీ ఆఫీసు వాళ్లదైతే ఈ మార్పుకు అనుమతి ఉండకపోవచ్చు. అప్పుడు బలవంతంగా ప్రయత్నించకండి.

ఇప్పుడు మళ్లీ మూడుసార్లు కొలవండి. మాకు మూడుసార్లూ రెండు సెకన్ల లోపే వచ్చింది. ఇక్కడితో ఆగవద్దు. టిక్ మళ్లీ పెట్టి ఇంకోసారి కొలవండి. టిక్ పెట్టగానే ఆలస్యం తిరిగి వస్తే కారణం ఖాయం. రాకపోతే, టిక్ తీసి పెట్టినప్పుడు కనెక్షన్ కొత్తగా మొదలవడం వల్ల సర్దుకుని ఉండవచ్చు. మాకు జరిగింది ఈ రెండోదే. టిక్ పెట్టినా ఆ రాత్రి ఆలస్యం రాలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చింది.

మా ఇంట్లో అసలు కారణం

రెండు రోజులు గమనిస్తే విషయం తెలిసింది. మా వీధిలో సాయంత్రాలు కాసేపు కరెంటు పోతుంది. మెయిన్ రౌటర్ కింద హాల్లో ఉంది, దానికి ఇన్వర్టర్ లేదు. మేడమీద వైఫై పెట్టెకు ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కింది రౌటర్ మళ్లీ మొదలై, కంపెనీ నుంచి కొత్త అడ్రస్‌ల వరుస తెచ్చుకుంటుంది. మేడమీద వైఫై మాత్రం ఆరిపోదు కాబట్టి, ఏమీ జరగలేదనుకుని ల్యాప్‌టాప్ పాత వరుసలోని అడ్రస్‌నే పట్టుకుని ఉంటుంది. ఇల్లు మారినా కవర్ మీద పాత చిరునామా రాసి జవాబు కోసం ఎదురుచూసినట్టన్నమాట. `ipconfig` కమాండ్ ఇచ్చి చూస్తే, `IPv6 Address` అనే లైన్లలో రెండు వేర్వేరు మొదళ్లతో అడ్రస్‌లు కనిపించాయి. ఒకటి పాత వరుసది, ఒకటి కొత్తది. `fe80`తో మొదలయ్యేది ఇంటి లోపల వాడుకునేది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మాకు తాత్కాలిక పరిష్కారం, ల్యాప్‌టాప్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయడం. శాశ్వత పరిష్కారం, మెయిన్ రౌటర్ ప్లగ్గును కూడా ఇన్వర్టర్ లైన్‌కు మార్చడం. ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. అప్పటి నుంచి ఆ ఇరవై సెకన్లు లేవు.

అందరి ఇళ్లలో కారణం ఇదే కానక్కర్లేదు. రౌటర్‌ను రీస్టార్ట్ చేసినా పోకపోతే, దాని సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఉందేమో చూడండి. ఆ తర్వాత నెట్ కంపెనీకి ఫోన్ చేయండి. "నెట్ స్లోగా ఉంది" అంటే స్పీడ్ టెస్ట్ పెట్టమని చెప్పి ఊరుకుంటారు. "పింగ్‌కు ఐపీవీ4 జవాబు ఇస్తోంది, ఐపీవీ6 టైమ్ అవుట్ అవుతోంది, ఐపీవీ6 ఆపితే 22 సెకన్లు రెండయ్యాయి" అని మీ కాగితం చూసి చెప్పండి. అప్పుడు ఫిర్యాదు సరైన మనిషి దగ్గరకు వెళ్తుంది.

టిక్ మళ్లీ పెట్టడం మరవకండి

ఆపడం పరీక్షే కానీ వైద్యం కాదు. ఐపీవీ6ను ఆపి ఉంచడాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సిఫారసు చేయదు. బాగయ్యేదాకా అవసరమైతే ఆపి ఉంచుకోండి, తర్వాత టిక్ తిరిగి పెట్టేయండి.

మ్యాక్ ఉన్నవారు టెర్మినల్‌లో మొదటి లైన్‌తో ఆపి, రెండో లైన్‌తో తిరిగి మొదలుపెట్టవచ్చు.

```
networksetup -setv6off Wi-Fi
networksetup -setv6automatic Wi-Fi
```

ఫోన్లలో వైఫైకి ఇలాంటి టిక్ సాధారణంగా ఉండదు, రౌటర్ సెట్టింగులలోనే ఆపి చూడాలి. మొబైల్ డేటా సెట్టింగులను మాత్రం ఇందుకోసం మార్చకండి. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లు ప్రధానంగా కొత్త అడ్రస్‌ల మీదే నడుస్తాయి, ఆపితే నెట్ రాకపోవచ్చు.

చివరిగా ఒక మాట. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది. ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజున కాకుండా ముందు ఆదివారమే, పిల్లలు రోజూ కూర్చునే గదిలో, వాళ్లు వాడే ల్యాప్‌టాప్‌తోనే చేసి చూడండి.