ఛాయాచిత్రాల ఆధారంగా పిల్లి దేహస్థితి అంచనా: పరిశీలన, పరిమితులు

పిల్లి దేహస్థితిని పశువైద్యులు 1 నుంచి 9 వరకు గల కొలమానంతో నిర్ణయిస్తారు. ఇందులో 5 ఆదర్శస్థితి. నిలబడిన పిల్లిని పైనుంచి తీసిన ఛాయాచిత్రంలో పక్కటెముకల వెనుక నడుము కొద్దిగా లోపలికి ఒదిగి కనిపించాలి. పక్కనుంచి చూసినప్పుడు పొట్ట కింద వేలాడే చర్మపు మడత సహజమైనదే. దానిని కొవ్వుగా పొరబడరాదు.

బొచ్చు దట్టంగా గల పిల్లుల విషయంలో ఈ ఆధారం బలహీనపడుతుంది. ఉదాహరణకు, 4 కిలోల పర్షియన్ పిల్లి 3.6 కిలోలకు తగ్గిందనుకుందాం. తగ్గినది 400 గ్రాములే అయినా, అది శరీర బరువులో పదోవంతు. చిత్రంలో ఆకారం గుండ్రంగానే ఉంటుంది. వెన్ను నిమిరితేనే ఎముకలు చేతికి తగులుతాయి. కాబట్టి చిత్రంతోపాటు తూకం, స్పర్శ తప్పనిసరి.

అయినా అదే చిత్రంలో ఇతర సూచనలు లభిస్తాయి. బొచ్చు ఉండలు కట్టి ఉంటే, పిల్లి తనను తాను నాకి శుభ్రపరచుకోవడం తగ్గించిందని ఊహించవచ్చు. రెండు కళ్ళలోనూ లోపలి మూల నుంచి మూడవ రెప్ప పొర కనిపిస్తే, అది అనారోగ్య సూచన కావచ్చు. ఫ్లాష్ వెలుగులో కళ్ళు మెరవడం మాత్రం సహజం. అందువల్ల పగటి వెలుతురులో తీసిన చిత్రమే ప్రమాణం.

కారణం తెలియకుండా పదోవంతు బరువు తగ్గినా, మూడవ రెప్ప తొలగకపోయినా పశువైద్యునికి చూపించాలి. ఒక రోజంతా ఆహారం ముట్టకపోతే జాప్యం తగదు. ముఖ్యంగా స్థూలకాయపు పిల్లులలో ఉపవాసం వల్ల కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. కంటి తెలుపు పసుపుబారినా, నోరు తెరిచి ఆయాసపడుతున్నా మరొక చిత్రం కోసం ఆగక వెంటనే వైద్యశాలకు తీసుకువెళ్ళాలి.