పట్టుచీర మీద కూర పడితే మొదటి అరగంట

పెళ్లి భోజనాల్లో గుత్తివంకాయ కూర వడ్డిస్తుండగా గరిటె అంచు నుంచి ఓ చుక్క జారి, లేత ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర కుచ్చిళ్ల మీద పడిందనుకుందాం. రూపాయి బిళ్లంత మరక. వెంటనే పక్క విస్తళ్ల నుంచి సలహాలు మొదలవుతాయి. ఒకరు నీళ్లతో తుడవమంటారు, ఇంకొకరు నిమ్మచెక్కతో రుద్దమంటారు, మరొకరు చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందంటారు. ముగ్గురూ మంచి మనసుతోనే చెబుతారు. ముగ్గురి మాటా వినకూడదు.

ఆ చుక్కలో ఏముందో చూస్తే కారణం తెలుస్తుంది. పైన కనిపించేది నువ్వులు, పల్లీలు నూరిన ముద్ద. దాని కింద నూనె. ఆ నూనెలో కరిగి ఉన్నది పసుపు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో సులువుగా కరుగుతుంది. అంటే నూనె ఎంత దూరం పాకితే పసుపూ అంత దూరం వెళుతుంది. పైగా పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్ పోగులు. వాటికి పసుపు బాగా పడుతుంది. వెనకటి రోజుల్లో పట్టుకు పసుపుతోనే రంగు అద్దేవాళ్లు. కాబట్టి మన చీర మీద పడ్డది ఒక విధంగా మరక కాదు, అద్దకం. అది పూర్తిగా పట్టేలోపు నూనెను పైకి తీసేయడమే మనం చేయగల పని.

మొదట ఒక చెంచా తీసుకోవాలి. దాని అంచుతో కూర ముద్దను బయటి నుంచి మధ్యకు నెట్టుకుంటూ పైకి ఎత్తాలి. మధ్య నుంచి బయటకు లాగితే రూపాయి బిళ్లంత మరక అరచేయంత అవుతుంది. తర్వాత కుచ్చిళ్లను విడదీసి, మరక పడ్డ పొర కింద మడత పెట్టిన తెల్ల కాగితపు న్యాప్‌కిన్ ఉంచాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. పై పొర మీద అద్దుతుంటే నూనె కింది మడతలోకి దిగుతుంది, ఒక మరక మూడవుతుంది. ఇప్పుడు పై నుంచి మరో తెల్ల న్యాప్‌కిన్‌తోనో, తెల్లటి నూలు రుమాలుతోనో నొక్కి తీయాలి. ప్రతిసారీ శుభ్రంగా ఉన్న వైపుకు తిప్పుకోవాలి. రంగు పువ్వులు అచ్చేసిన న్యాప్‌కిన్లు వద్దు, తడికి వాటి రంగు దిగుతుంది. న్యాప్‌కిన్‌కు పసుపు అంటడం ఆగిపోయేదాకా నొక్కడమే, రుద్దడం లేదు. పట్టు పోగు చాలా సన్ననిది, తడిస్తే ఇంకా బలహీనపడుతుంది. రుద్దితే పైపోగులు తెగి, మరక పోయినా ఆ చోట తెల్లగా, మెరుపు లేకుండా మిగులుతుంది. దాన్ని ఏ డ్రైక్లీనరూ బాగుచేయలేడు.

ఇక సబ్బు సంగతి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. సున్నం క్షారం. మామూలు బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, వంటసోడా కూడా క్షారాలే. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా, గోధుమరంగుకు తిరగడం అందుకే. ఇప్పటికే ఎవరైనా సబ్బు రాసేసి మరక ఎర్రబడితే చీర పాడైపోయిందని కాదు, క్షారం పోతే ఆ రంగు మళ్లీ పసుపుకు వస్తుంది. అలాగని ఇంట్లో నిమ్మరసం పిండి దాన్ని తిప్పే ప్రయత్నం మాత్రం చేయవద్దు. పులుపుకు చీర రంగే మారవచ్చు, అంచు జరీ నల్లబడవచ్చు. సబ్బు తగిలిందని డ్రైక్లీనర్‌తో చెబితే చాలు. బ్లీచింగ్ ద్రవాల పేరు కూడా ఎత్తకూడదు. క్లోరిన్ ఉన్న బ్లీచ్ పట్టును, ఉన్నిని తినేస్తుంది.

అద్దడం అయ్యాక ఇంటికొచ్చి చీర విప్పి, మరక ఉన్న చోటును తెల్ల బట్ట మీద పరచాలి. దాని మీద మామూలు టాల్కమ్ పౌడర్ గానీ మొక్కజొన్న పిండి గానీ మరక కనపడనంత మందంగా చల్లాలి. అరగంట వదిలేస్తే పొడి నూనెను పీల్చి ముద్దకడుతుంది, రంగు ముదురుతుంది. దాన్ని దులిపి మళ్లీ కొత్త పొడి చల్లాలి. పొడి పొడిగానే ఉంటున్నదంటే పైనున్న నూనె వచ్చేసినట్టు. జరీ అల్లికలో ఇరుక్కున్న పొడిని చీర తిరగేసి వెనక నుంచి వేలితో తట్టి రాల్చాలి. పొడి నూనెను మాత్రమే తీస్తుంది. లేత పసుపు జాడ మిగిలే ఉంటుంది. అది చూసి కంగారుపడి నీళ్లు ముట్టించకపోవడమే ఇక్కడ నేర్పు.

వైన్ పడితే వరస తిరగబడుతుంది. అమెరికాలో మనవాళ్ల విందుల్లోనో, హైదరాబాద్ రిసెప్షన్లలోనో రెడ్ వైన్ గ్లాసు ఒలికితే అందులో నూనె లేదు, పౌడర్‌తో పని లేదు. ఉన్నదల్లా నీరు, చక్కెర, ద్రాక్ష రంగు, టీలో ఉండే లాంటి వగరు పదార్థాలు. డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రావకం నూనెను కరిగిస్తుంది గానీ వీటిని కరిగించలేదు. కాబట్టి తడిగా ఉండగానే అద్ది తీయాలి. ఆ తర్వాత చల్లటి నీళ్లు వాడవచ్చా అన్నది చీర చెప్పాలి. నడుము దగ్గర లోపలికి దోపుకునే చెంగు మూలను తడి తెల్ల బట్టతో నొక్కి చూడండి. బట్టకు రంగు అంటితే అక్కడితో ఆపేయాలి. అంటకపోతే చల్లటి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో అద్ది, వెంటనే పొడి బట్టతో అద్దాలి. చుట్టూ తడి అంచు గీతలా మిగలకుండా బయటికి పోయేకొద్దీ తడి తగ్గిస్తూ రావాలి, లేకపోతే వైన్ మరక పోయి నీటి మరక వస్తుంది. ఉప్పు చల్లడం అందరికీ తెలిసిన చిట్కానే గానీ జరీ ఉన్న చీరకు అది మేలు చేయదు.

వైట్ వైన్ ఇంకా మోసకారి. ఆరాక ఏమీ కనపడదు. అందులోని చక్కెర పోగులో ఉండిపోయి, ఇస్త్రీ వేడికి గానీ కొన్ని నెలల తర్వాత బీరువాలో గానీ గోధుమరంగు మరకగా బయటపడుతుంది.

ఉన్ని చీర మన దగ్గర అరుదు. దాని పోగు పైపొర నీటిని వెంటనే పీల్చదు, చుక్క కాసేపు పూసలా నిలబడుతుంది. కాగితం కొనతో తాకిస్తే చాలా వరకు వచ్చేస్తుంది. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే మాత్రం ఉన్ని ముడుచుకుని గట్టిపడుతుంది, మళ్లీ సాగదు.

ఏ చీరైనా డ్రైక్లీనింగ్‌కు వెళ్లేదాకా ఇస్త్రీ, హెయిర్ డ్రయ్యర్, ఎండ వద్దు. ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టకుండా నీడలో, గాలి ఆడేచోట వదులుగా ఆరేసి, మర్నాడో ఎల్లుండో ఇచ్చేయాలి. మరక చుట్టూ వేరే రంగు దారంతో వదులుగా రెండు కుట్లు వేస్తే దుకాణంలో వెతుక్కోనక్కర్లేదు. ‘మరక ఉంది చూడండి’ అంటే సరిపోదు. గుత్తివంకాయ కూర, నిన్న మధ్యాహ్నం, పౌడర్ మాత్రం వేశాం, నీళ్లు తగల్లేదు అని చెప్పాలి. నూనె మరకైతే అతను ముందు ద్రావకంతో మొదలుపెడతాడు, వైన్ అయితే ముందు నీటి పద్ధతి చూస్తాడు. ఈ మరక మీద చేసే విడి పనిని స్పాటింగ్ అంటారు. మన దగ్గర కొన్ని దుకాణాల్లో చేసే పెట్రోల్ వాష్‌లో ఇది ఉండకపోవచ్చు, అందుకే విడిగా అడగాలి. లేత రంగు పట్టు మీద పసుపు కొంత మిగిలిపోయే అవకాశమూ ఉంది, అది ముందే చెప్పే దుకాణాన్నే నేను నమ్ముతాను. ఇంకొక్క మాట చెప్పి రండి: స్పాటింగ్ అయ్యాక, ఇస్త్రీ పెట్టె ఎక్కించకముందు ఆ చోటును పగటి వెలుతురులో ఒకసారి చూడమనండి. అప్పటికీ జాడ ఉంటే మరోసారి ప్రయత్నించవచ్చు, ఇస్త్రీ అయ్యాక కష్టం.