తోపుడు బండికి బ్యాంకు పుస్తకంలో చోటు

తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే వ్యాపారి పెట్టుబడి తెల్లవారుజామున టోకు మార్కెట్లో సరుకుగా మారి, పొద్దుగూకేసరికి మళ్లీ నగదై గల్లాపెట్టెలోకి చేరుతుంది. ఇలా రోజూ తిరిగే డబ్బునే బ్యాంకులు నిర్వహణ మూలధనం అంటాయి. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి ఈ డబ్బు ఆసుపత్రికి ఖర్చయితే మర్నాటి సరుకుకు అప్పు తప్పదు. ఆ అప్పు అడిగిన పూటే ఇచ్చేది డైలీ ఫైనాన్స్ వ్యాపారి మాత్రమే. హైదరాబాద్ బస్తీల్లో దీన్నే గిరిగిరి అంటారు.

ఈ అప్పుల్లో తరచుగా కనిపించే పద్ధతిలో పది వేల అప్పుకు ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, ఆపై రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పైకి వడ్డీ పదో వంతే అనిపించినా, అసలు రోజురోజుకూ తరిగిపోతున్నందున చేతిలో ఉన్న సొమ్ముకు లెక్కగడితే అది ఏడాదికి 75 శాతం దాటుతుంది. అయినా ఈ పద్ధతి నిలబడటానికి కారణం ఉంది: నెలకోసారి పెద్ద మొత్తం కట్టడం కంటే అమ్మకం జరిగిన రోజే వంద తీసి ఇవ్వడం బండి వ్యాపారి రాబడికి సరిగ్గా అతుకుతుంది. అన్యాయమంతా వడ్డీలోనే కాదు, మరొక చోట కూడా ఉంది. వంద రోజులూ తప్పకుండా కట్టినా ఆ నిజాయతీ వసూలుదారు చేతిపుస్తకం దాటి ఎక్కడా నమోదు కాదు.

కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రారంభించిన పీఎం స్వనిధి పథకం ఈ లోటును పూడ్చేందుకు ఉద్దేశించినది. మునిసిపాలిటీ ఇచ్చే విక్రయ ధ్రువపత్రం గానీ, సర్వేలో పేరు లేనివారికి ఇచ్చే సిఫారసు లేఖ గానీ ఆధారంగా, తాకట్టు లేకుండా బ్యాంకు రుణం ఇస్తుంది. మొదట పది వేలుగా ఉన్న తొలి విడతను 2025 ఆగస్టులో 15,000కు పెంచారు. అది తీర్చినవారికి 25,000, అదీ తీర్చినవారికి 50,000 వస్తాయి. సకాలంలో కట్టేవారికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో జమవుతుంది.

బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుని లెక్క చూద్దాం. 15,000 రుణాన్ని పన్నెండు నెలల్లో తీర్చాలంటే వాయిదా సుమారు 1,333 రూపాయలు, ఏడాది మొత్తం వడ్డీ 993; అందులో రాయితీ దాదాపు 580 తిరిగి వస్తే వ్యాపారి మీద పడేది నాలుగు వందల పైచిలుకు. వానలకూ పండగలకూ నెలకు మూడు రోజులు వదిలేసి, మిగతా 27 రోజులూ సాయంత్రం గల్లాలోంచి యాభై తీసి రుణ ఖాతాకు ముడిపడిన పొదుపు ఖాతాలో వేస్తే 1,350 అవుతాయి. అంటే డైలీ ఫైనాన్స్ అలవాటు చేసిన క్రమశిక్షణను అలాగే ఉంచి, డబ్బు చేరే చోటును మాత్రం మార్చుకుంటే చాలు. యాభై ఇంట్లో డబ్బాలో వేస్తే నెలాఖరుకు నిలవడం కష్టం. క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన డబ్బును ఖాతాలోనే వదిలేయడం తేలిక.

అయితే చెల్లింపు రోజువారీ అయినా, రికార్డు తయారయ్యేది వాయిదా తేదీన. అయిదో తేదీన ఖాతాలో 1,333కు బదులు 1,210 ఉంటే, తక్కువైనది 123 రూపాయలే అయినా ఆటోడెబిట్ తిరిగివస్తుంది, దానిపై బ్యాంకు రుసుము పడుతుంది, బాకీ ఎన్ని రోజులు ఆలస్యమైందో రుణచరిత్ర సంస్థలకు చేరుతుంది. రుణగ్రహీతల చెల్లింపుల చరిత్రను భద్రపరిచే ఇలాంటి సంస్థలు దేశంలో నాలుగున్నాయి; జనం నోట వాటన్నిటికీ కలిపి ‘సిబిల్’ అన్న పేరే స్థిరపడింది. వాయిదా తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీగా మారుతుంది, అంతటితో తర్వాతి విడత ఆశ దాదాపు పోయినట్టే. అందువల్ల తేదీకి రెండు రోజుల ముందే ఖాతాలో ఒక వాయిదా మొత్తం నిల్వ చూసుకోవడం, రోజూ యాభై వేయడమంత ముఖ్యం.

రుణం తీరిన తర్వాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. పూర్తిగా కట్టిన ఖాతా నివేదికలో ‘క్లోజ్డ్’ అని కనిపించాలి. బాకీలో కొంత తగ్గించి రాజీ కుదుర్చుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది, అప్పటికి భారం తగ్గినా తర్వాత రుణమిచ్చే బ్యాంకు దాన్ని లోపంగానే చూస్తుంది. ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి కనుక, రెండో విడతకు దరఖాస్తు పెట్టే ముందే దాన్ని తెప్పించుకుని, పేరు, పాన్ నంబరు, ఖాతా స్థితి సరిపోలాయో లేదో చూసుకోవాలి; తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తుంటే బ్యాంకు ఇచ్చిన బాకీ లేదన్న పత్రం జతచేసి, అదే సంస్థకు ఫిర్యాదు పెట్టి సరిచేయించుకోవచ్చు.